పక్క గదిలో తమ్ముడి గొంతు ఎందుకు రాదు: గెస్ట్ వైఫై వెనక కథ

ఒకే ఇంట్లో రెండు కన్సోల్స్, రెండూ గెస్ట్ వైఫైలోనే ఉన్నాయి అనుకోండి. ఎక్కడో ఉన్న ఫ్రెండ్స్ పార్టీ చాట్‌లో శుభ్రంగా వినిపిస్తారు, పక్క గదిలో ఉన్న తమ్ముడి గొంతు మాత్రం రాదు, ఇన్వైట్ పంపినా జాయిన్ అవ్వలేడు. కన్సోల్‌లో నెట్ టెస్ట్ పెడితే అంతా బానే ఉందంటుంది. అందుకే అందరూ గేమ్ సర్వర్ మీద పడతారు, అసలు సంగతి రూటర్‌లో ఉంటుంది.

వైఫైలో రెండు డివైస్‌లు మాట్లాడుకోవాలంటే డేటా ప్యాకెట్ ముందు యాక్సెస్ పాయింట్‌కి, అంటే వైఫై ఇచ్చే రూటర్‌కి వెళ్లి అక్కణ్ణించి రెండోదానికి వెళ్తుంది, సో అక్కడ ముందుకి పంపడం ఆపేస్తే రెండూ ఒకదానికొకటి కనిపించవు. క్లయింట్ ఐసొలేషన్ అంటే ఇంతే. లినక్స్ మీద యాక్సెస్ పాయింట్ నడిపే hostapd ప్రోగ్రామ్‌లో అయితే ఒక్క లైను:

```
ap_isolate=1
```

ముక్కూమొహం తెలియనివాళ్లంతా ఒకే వైఫైకి కనెక్టయ్యే పబ్లిక్ హాట్‌స్పాట్స్‌కి ఇది చాలా అవసరం. తర్వాత ఇంటి రూటర్లలోకి గెస్ట్ నెట్‌వర్క్ వచ్చింది, ఆపిల్ 2009లోనే తన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ట్రీమ్ రూటర్‌లో పెట్టింది. చాలా రూటర్లలో ఆ గెస్ట్‌లో ఇదే ఐసొలేషన్ ఆన్‌లో ఉంటుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కెమెరాల్నీ రూటర్లనీ పట్టుకుని తన బాట్‌నెట్‌లో కలిపేసుకున్నాక స్మార్ట్ సామాన్లన్నీ వేరే నెట్‌వర్క్‌లో పెట్టండి అనే సలహా బాగా పాకింది, 2019లో ఎఫ్‌బీఐ కూడా అదే చెప్పింది. మంచి సలహానే, కాకపోతే టీవీ, బల్బులతో పాటు కన్సోల్ కూడా గెస్ట్‌లోకి పోయింది.

కన్సోల్ బల్బు లాంటిది కాదు. వాయిస్ చాలాసార్లు ఒక కన్సోల్ నించి ఇంకోదానికి డైరెక్ట్‌గా వెళ్తుంది. రెండిటికీ బయటి ఐపీ ఒకటే కాబట్టి ముందు లోకల్ అడ్రస్‌తో ట్రై చేస్తాయి, దాన్ని ఐసొలేషన్ ఆపేస్తుంది. ఇక మిగిలింది రూటర్ బయటి అడ్రస్‌కి పంపి మళ్లీ లోపలికే తిప్పుకునే దారి, దాన్నే హెయిర్‌పిన్ అంటారు. 2007లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 4787, వాయిస్ లాంటివి ఎక్కువగా వాడే యూడీపీ ప్రోటోకాల్‌కి ఇది ఉండి తీరాలంది, అయినా చేయని రూటర్లు ఉన్నాయి. అదీ లేక, మధ్యలో గొంతుని అందుకుని అటు పంపే రిలే సర్వర్ కూడా లేకపోతే గొంతు వెళ్లడానికి దారే ఉండదు. దూరంగా ఉన్న ఫ్రెండ్‌కి ఈ గొడవ లేదు, అతని ఐపీ వేరు.

ఒక పీసీలో ఉన్న గేమ్‌ని ఇంట్లోని ఇంకో పీసీకి కాపీ చేసే లోకల్ ట్రాన్స్‌ఫర్‌కైతే ఆ హెయిర్‌పిన్ దారి కూడా లేదు. స్టీమ్ 2023లో తెచ్చిన లోకల్ ట్రాన్స్‌ఫర్ పక్కనున్న పీసీ కనిపించకపోతే గేమ్ మొత్తం ఇంటర్నెట్ నించే దింపుతుంది, డౌన్‌లోడ్ మామూలుగానే నడుస్తుంది కాబట్టి తేడా ఎవరికీ తెలీదు.

తేల్చుకోవడం ఈజీనే, రెండు కన్సోల్స్‌నీ కాసేపు మెయిన్ వైఫైకి మార్చి చూడండి. గొంతు వచ్చిందంటే గెస్టే కారణం. అక్కడా రాకపోతే మెయిన్ వైఫై సెట్టింగ్స్‌లో AP Isolation పేరుతో ఇదే ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో చూడాలి. గెస్ట్‌లోనే ఉంచాలంటే కొన్ని రూటర్లలో Allow guests to see each other అని ఉంటుంది, అది ఆన్ చేస్తే సరిపోవచ్చు, కానీ అదే గెస్ట్‌లో ఉన్న కెమెరాలూ బల్బులూ కూడా అప్పుడు కన్సోల్‌కి కనిపిస్తాయి, కన్సోల్ వాటికి కనిపిస్తుంది. అందుకే నేనైతే కన్సోల్స్‌ని మెయిన్‌లోనే పెట్టమంటాను.