కొనుగోలుదారు ఆఫీసు తెరిచేలోగా

భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ఎగుమతి సంస్థను, అందులో డాక్యుమెంటేషన్ పని చూసే ఒక ఉద్యోగినిని ఊహించుకుందాం. జూలై నెల, సాయంత్రం 4.10 గంటలు. అమెరికా తూర్పు తీరంలోని కొనుగోలుదారుకు ఆమె ధరల పట్టిక పంపింది. పంపవలసిన ఫైలు Rates_July_Buyer.xlsx కాగా, వెళ్లినది Rates_July_Base.xlsx. ఈ రెండో దానిలో చెరువు గట్టున రైతుకు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంటు వారీగా ఇచ్చిన కిలో ధర, ప్రాసెసింగ్ ఖర్చు, సంస్థకు మిగిలే లాభం, మరో ఇద్దరు కొనుగోలుదారులకు ఇచ్చిన రేట్లు ఉన్నాయి. 4.35కి వేరే పని మీద ఆ ఫోల్డరు తెరిచినప్పుడు ఆమెకు సంగతి తెలిసింది.

ఇలాంటి పొరపాటును బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ తెలియనితనం వల్ల జరిగే తప్పుల నుంచి వేరు చేశాడు. ఇక్కడ ఉద్దేశం సరైనదే, పని కూడా బాగా వచ్చినదే. అలవాటుపడిన చెయ్యి దానంతట అది కదులుతున్నప్పుడు దృష్టి మరోచోట ఉండడం వల్ల అడుగు తప్పుతుంది. అందుకే ఇది కొత్తవారి కంటే చెయ్యి తిరిగినవారికి ఎక్కువ సహజం. పైగా రెండు పేర్లకూ మొదటి భాగం ఒకటే, తేడా అంతా చివర ఉంది. మనం చూడబోయేది ఏమిటో మనసు ముందే అనుకుని ఉంటుంది కనుక, అదే పేరును రెండోసారి చూసినా కన్ను దాటిపోతుంది. ఫైలు పేరును మళ్లీ చదవడం కన్నా, మెయిలుకు జతచేసిన ఫైలును అక్కడి నుంచే తెరిచి చూడడం నమ్మదగిన పరీక్ష.

ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా? జీమెయిల్‌లో పంపడాన్ని రద్దు చేసే వీలు గరిష్ఠంగా 30 సెకన్లు. అవుట్‌లుక్‌లో మెయిలును వెనక్కి పిలిచే సదుపాయం ఒకే సంస్థ లోపలి ఖాతాల మధ్యనే పనిచేస్తుంది. బయటివారికి పంపినదానిపై ప్రయోగిస్తే మెయిలు అక్కడే ఉండిపోవడమే కాక, దాన్ని వెనక్కి తీసుకోబోయారన్న సందేశం కూడా చేరి, చూడనివారికి చూడాలనిపించవచ్చు. డ్రైవ్ లింకు పంపి ఉంటే అనుమతి తీసేయవచ్చు; అయినా అప్పటికే దించుకున్న కాపీ మన చేతిలో ఉండదు.

కాబట్టి మిగిలిన ఆస్తి సమయం ఒక్కటే. వేసవిలో మనకూ అమెరికా తూర్పు తీరానికీ తొమ్మిదిన్నర గంటల తేడా. మెయిలు చేరినప్పుడు అక్కడ ఉదయం 6.40, ఆమె గుర్తించినప్పుడు 7.05. ఆఫీసు 9 గంటలకు తెరుస్తారనుకుంటే దాదాపు రెండు గంటలు చేతిలో ఉన్నట్టే, ఎవరూ ఫోనులోనే మెయిలు చూసేయకపోతే. రేపు ఉదయం చెబుదామనుకుంటే అక్కడ ఒక పని దినమంతా గడిచిపోతుంది. మేనేజరు ఆ రాత్రే అదే కొనుగోలుదారుతో ధర బేరమాడితే, అవతలివారికి తన లాభమెంతో తెలుసునన్న సంగతి తెలియకుండానే మాట్లాడతాడు. దాచడం వల్ల కలిగే అసలు నష్టం అక్కడ ఉంది.

చెప్పడం ముందు ఫోనులో, ఆ తర్వాత రాతలో జరగాలి. “సార్, 4.10కి అమెరికా బయ్యరుకి జూలై రేట్లకు బదులు మన బేస్ షీటు పంపేశానండి. దాంట్లో మన మార్జిను, ఇంకో ఇద్దరి రేట్లు ఉన్నాయండి. ఇప్పుడే చూశాను. వాళ్లు తెరిచారో లేదో తెలీదండి. వాళ్లకింకా ఏమీ రాయలేదు, మీరు చెప్పాకే రాస్తాను.” ఏం వెళ్లింది, ఎవరికి, ఎప్పుడు, ఏది తెలుసు, ఏది తెలియదు అన్నీ ఇందులో ఉన్నాయి. కరెంటు పోయిందనో, పని ఒత్తిడనో కారణాలు మొదట పెడితే మేనేజరుకు కావలసిన సమాచారం వెనకబడుతుంది. పంపిన మెయిలును తన ఖాతాలోంచి చెరిపేయడం మరీ చెడ్డ పని: అవతల కాపీ పోదు, ఇక్కడ ఏం వెళ్లిందో చూపే ఆధారం పోతుంది.

ఇలా ఫోను చేయడం ఉద్యోగి ధైర్యం మీదే ఆధారపడదు. అమెరికన్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలిస్తూ, మంచి బృందాల్లో అవి తక్కువగా ఉంటాయని ఊహించింది. లెక్కలు తిరగబడి వచ్చాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం వల్ల కాదు, వాటిని బయటకు చెప్పడం ఎక్కువ కావడం వల్లే ఆ తేడా వచ్చిందన్నది ఆమె వివరణ. ఏ తప్పూ నమోదు కాని ఆఫీసును చూసి మురిసిపోయే యజమాని ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

మేనేజరు అనుమతించాక కొనుగోలుదారుకు వెళ్లే మెయిలు చిన్నదిగా ఉండాలి: ఫలానా సమయంలో పొరపాటున లోపలి ఫైలు పంపాం, దయచేసి తెరవకుండా తొలగించి, తొలగించినట్టు తెలపండి. సరైన పట్టికను పాత మెయిలుకు జవాబుగా కాక విడి మెయిలులో పంపాలి, లేకుంటే ఆ వరుసను ఎవరికైనా పంపినప్పుడల్లా పాత మెయిలు కళ్లముందుకు వస్తుంది. తొలగించామన్న జవాబు మర్యాదే తప్ప రుజువు కాదు కనుక, బేరానికి కూర్చునేముందు తమ లాభం అవతలివారికి తెలిసిపోయిందనే మేనేజరు అనుకోవాలి. రేట్లు బయటపడిన మిగతా ఇద్దరికి చెప్పాలా వద్దా అన్నది వారితో ఉన్న ఒప్పందంలోని గోప్యత షరతును బట్టి యాజమాన్యం తేల్చవలసిన విషయం. ఉద్యోగిని తనంతట తాను తేల్చకూడదు.

ఆ తర్వాత మారవలసింది ఫోల్డరు. లాభాల లెక్క ఉన్న షీట్లు వేరేచోట ఉంచి, బయటకు వెళ్లేవి పీడీఎఫ్ రూపంలోనే ఉండే ఫోల్డరు ఒకటి పెట్టుకుంటే, చెయ్యి అలవాటుగా కదిలినా తప్పు షీటు అందుబాటులో ఉండదు. ప్రతి మెయిలునూ రెండు నిమిషాలు ఆపి పంపే నియమం కూడా మంచిదే కానీ, ఈ ఉదంతంలో పొరపాటు బయటపడడానికి 25 నిమిషాలు పట్టింది.