జపాన్ క్లయింట్ "యొరొషికు ఒనెగైషిమస్" అంటే ఒప్పుకున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

జపాన్ ప్రాజెక్టుల్లో క్లయింట్‌కూ మన టీమ్‌కూ మధ్య వారధిగా ఉండే బ్రిడ్జ్ ఇంజనీర్‌ని నేను. టీమ్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "యొరొషికు ఒనెగైషిమస్" అంటే "దయచేసి సహకరించండి" అన్నంత భావమున్న మర్యాద మాట, జపనీస్ మెయిళ్ల చివర మామూలుగా రాస్తారు.

అపోహ: మెయిల్ చివర ఆ మాట ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

కాదు. పరిచయం చేసుకునే మెయిల్ చివరా అదే ఉంటుంది, బిల్లులో తప్పుందని చెప్పే మెయిల్ చివరా అదే ఉంటుంది. రాసినవాళ్లు దేనికి కట్టుబడ్డారో దాని ముందున్న మాటే చెబుతుంది. "గొకెంతో నో హోదొ" అని ఉంటే పరిశీలించమని మనల్ని అడుగుతున్నారు, అంతే. మన అంచనాకు జవాబుగా "సొరె దె యొరొషికు" అని వస్తే మాత్రం "అలాగే కానివ్వండి" అన్నట్టు. అది మర్యాద కోసం రాశామని తర్వాత అనడం వాళ్లకూ కష్టమే.

చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. అదనంగా అడిగిన ఒక స్క్రీన్‌కి పన్నెండు రోజుల పని, 6 లక్షల యెన్‌లు అని మనం మిత్సుమొరి, అంటే అంచనా పంపామనుకోండి. "హైకెన్ షిమషిత. హికిత్సుజుకి యొరొషికు ఒనెగైషిమస్" అని జవాబొచ్చింది. చూశాం, ఇకముందు కూడా మీ సహకారం ఉండాలి అని దాని భావం. "హికిత్సుజుకి" చూసి పని కొనసాగించమన్నారని మన టీమ్ అనుకుంటుంది. అక్కడ కొనసాగమన్నది సంబంధం. ఆ 6 లక్షల సంగతి వాళ్లింకా ఎత్తనే లేదు.

అపోహ: సంతకం లేని మెయిల్‌కు చట్టంలో విలువ లేదు.

జపాన్ సివిల్ కోడ్ 522వ అధికరణ ప్రకారం ఒకరి ప్రతిపాదనను మరొకరు అంగీకరిస్తే ఒప్పందం ఏర్పడుతుంది. చట్టం ప్రత్యేకంగా కోరిన సందర్భాల్లో తప్ప పత్రం అవసరం లేదు. అయితే ప్రతి ఆర్డరుకూ చూమొన్‌షొ, అంటే ఆర్డరు పత్రం, ఉండి తీరాలని రెండు కంపెనీల మధ్య మూల ఒప్పందంలో రాసుకుని ఉండొచ్చు. ముందు అది తీసి చూడండి.

అపోహ: "ఆ మాటతో మీరు దేనికి ఒప్పుకున్నారు?" అని సూటిగా అడగడమే మేలు.

అలా అడిగితే మర్యాదకు రాసిన మాటకు సంజాయిషీ కోరినట్టవుతుంది. మాటను వదిలేసి పని గురించి అడగండి. "నెన్ నొ తమె", అంటే మరోసారి నిర్ధారించుకోవడానికి, అని మొదలుపెట్టి, జపనీస్‌లో ఇలా రాయండి:

"జూన్ 5న పంపిన అంచనా విషయమై రాస్తున్నాను. కింది రెండింటిలో ఏది సరైనదో 11వ తేదీలోగా తెలపగలరా? ఒకటి: ఆర్డరు ఖరారైంది, పత్రం పంపుతారు, మేం 16న మొదలుపెడతాం. రెండు: మీ కంపెనీలో ఇంకా పరిశీలనలో ఉంది. అలాగైతే పత్రం అందాకే మొదలుపెడతాం, డెలివరీ తేదీ ఆ మేరకు జరుగుతుంది."

ఇలా రాస్తే అవతలివాళ్లు అంకె ఒక్కటి రాస్తే చాలు, పై అధికారికి ఆ మెయిల్‌ను అలాగే ఫార్వర్డ్ చేసుకోవచ్చు. "షనై దె కకునిన్ షిమస్" అని జవాబిస్తే లోపల అడిగి చెబుతామని, అంటే ఇంకా ఆమోదం రాలేదని. అంకె లేకుండా మళ్లీ "యొరొషికు" మాత్రమే వస్తే ఫోన్ చేయండి. మాట్లాడినది అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి, ఆర్డరు పత్రం వచ్చేదాకా ఆ పన్నెండు రోజుల పనికి ఎవరినీ కేటాయించకండి.