మందపాటి గోడలు, రాత్రి గాలి: అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కర్నూలు లాంటి చోట్ల ఏప్రిల్‌లో పగలు 40 డిగ్రీలకు చేరే ఎండ తెల్లవారుజాముకు 26 దాకా దిగుతుంది. ఇల్లు చల్లబడాలంటే ఈ తేడానే వాడుకోవాలి.

అపోహ: గోడ మందంగా ఉంటే చాలు, ఇల్లు చల్లగా ఉంటుంది.

వాస్తవం: గోడ వేడిని చంపదు, దాచుకుంటుంది. పగలు గదిలోని వేడిని తనలోకి లాక్కుంటుంది కాబట్టి మధ్యాహ్నం హాయిగా అనిపిస్తుంది. ఆ వేడిని రాత్రి బయటికి పంపకపోతే మర్నాటికి గోడలో చోటుండదు. మూడు నాలుగు రోజులు కిటికీలు మూసి ఉంచిన రాతి ఇంట్లో ఉక్క ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. రాయలసీమ పాత మిద్దెల్లో రాయీ మట్టీ కలిపి కట్టిన వెడల్పాటి గోడలతో పాటు కప్పులో గవాక్షి కూడా ఉండేది. వెలుతురు కోసమే అనుకుంటాం గానీ, రాత్రి పైకి చేరిన వేడిగాలి పోయే దారి కూడా అదే. కొత్తగా రాతి ఇల్లు కట్టేవాళ్లు గోడను తీసుకుని గవాక్షిని వదిలేస్తున్నారు.

ఇంకో మాట. ఒక పగలూ రాత్రీ తిరిగేలోపు గోడలో చురుగ్గా పనిచేసేది లోపలి వైపు నాలుగైదు అంగుళాలే. అందుకే గోడకు చెక్క ప్యానెల్, కప్పుకు ఫాల్స్ సీలింగ్ వేస్తే ఎంత మందం ఉన్నా దాని మేలు గదికి సరిగా అందదు.

అపోహ: రాత్రి ఒక కిటికీ తెరిచి ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సీలింగ్ ఫ్యాన్ ఒంటికి చల్లగా ఉంటుందే తప్ప గదిలోని వేడిని బయటికి పంపదు. లెక్క వేసి చూద్దాం. గది 12 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. అంటే 1,560 ఘనపుటడుగుల గాలి. గంటకు పదిసార్లు ఆ గాలి మారుతూ, బయట లోపలి కంటే సగటున మూడున్నర డిగ్రీలు చల్లగా ఉంటే, ఎనిమిది గంటల్లో కరెంటు లెక్కలో చెప్పాలంటే సుమారు 4 యూనిట్ల వేడి బయటికి పోతుంది. ఒకే కిటికీ ఓరగా తెరిస్తే గంటకు ఒకటి రెండుసార్లకు మించి గాలి మారకపోవచ్చు. అప్పుడు పోయేది ఒక యూనిట్ కూడా ఉండదు.

పదిసార్లు మారాలంటే నిమిషానికి 260 ఘనపుటడుగుల గాలి కదలాలి. ఎదురెదురు గోడల్లో కిటికీలుండి గాలి వీస్తే ఖర్చు లేకుండానే సాగుతుంది. గాలి ఆడని రాత్రి కప్పుకు దగ్గరగా 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, ఎదుటి వైపు కింది కిటికీ తెరవాలి. రాత్రంతా నడిచినా అర యూనిట్ లోపే కాలుతుంది. ఆ 4 యూనిట్ల వేడిని ఏసీతో తోడాలంటే యూనిట్‌కు పైనే కావాలి.

ఇక్కడ పని చెడేది ఎక్కువగా దోమతెర దగ్గర. సన్నటి మెష్, దానిమీద పేరుకున్న దుమ్ము కలిసి గాలిని సగానికి కోసేస్తాయి. మెష్ ఉన్న కిటికీని లెక్కకంటే రెట్టింపు పెద్దదిగా పెట్టండి, నెలకోసారి కడగండి. దొంగల భయానికి కిటికీ మూయాల్సిన పని లేకుండా గ్రిల్ బిగించండి.

అపోహ: పగలు కూడా తలుపులు తెరిస్తే గాలాడుతుంది.

వాస్తవం: లోపల 32, బయట 40 ఉన్నప్పుడు వచ్చేది వడగాలే. రాత్రి గోడలు ఖాళీ చేసుకున్న చోటంతా గంటల్లో నిండిపోతుంది. రెండు థర్మామీటర్లు కొనండి. ఒకటి గదిలో, ఒకటి ఉత్తరం వైపు నీడలో పెట్టండి. బయటిది లోపలిదానికంటే తగ్గినప్పుడు తెరవండి, దాటగానే మూయండి. వేసవిలో రాత్రి తొమ్మిది, పది మధ్య తెరవడం, ఉదయం ఏడు, ఎనిమిది మధ్య మూయడం సాధారణంగా కుదురుతుంది. తెల్లవారుజామున ఐదింటికి నిద్ర లేచి కిటికీ మూసే అలవాటు మానండి. గోడ బాగా చల్లారే వేళ అదే.

అపోహ: స్లాబు కూడా బరువైనదే, అదీ చల్లదనమే ఇస్తుంది.

వాస్తవం: ఎండ నేరుగా తగిలే స్లాబు పగలంతా వేడెక్కి సాయంత్రానికి ఆ వేడిని కిందికి దించుతుంది. రాత్రి తొమ్మిదింటికి గోడమీద, ఆ తర్వాత కప్పుమీద అరచెయ్యి పెట్టి చూడండి. కప్పు బాగా వేడిగా ఉంటే ముందు దాని సంగతి చూడాలి, ఫ్యాన్ తర్వాత. స్లాబు పైన వాటర్‌ప్రూఫింగ్, దానిమీద రెండు అంగుళాల ఫోమ్ బోర్డు, వాలు కాంక్రీటు, తెల్ల టైల్స్ వేయాలి. అంత ఖర్చు వద్దనుకుంటే ఏటా మార్చిలో సున్నం వేసినా తేడా తెలుస్తుంది. బోర్డును కప్పు లోపలివైపు అతికిస్తే ఎండ ఆగుతుంది గానీ స్లాబు బరువు గదికి ఉపయోగపడదు.

ఈ పద్ధతి విజయవాడలో ఇంత బాగా పనిచేయదు. అక్కడ వేసవి రాత్రులు అంతగా చల్లబడవు, పైగా తేమ. అనంతపురంలో కూడా వడగాడ్పుల రోజుల్లో రాత్రి 30 దిగకపోతే కిటికీలతో పెద్దగా లాభం ఉండదు. ఆ కొద్ది రోజులకు కూలరో ఏసీయో తప్పదు.