రూట్ హ్యాష్ సరిపోయింది, మరి చీటీలో వెయ్యి కిలోలు ఏమైనట్టు? మెర్కిల్ ట్రీ: అపోహలు - వాస్తవాలు

తోతాపురి సీజన్ వస్తే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వేబ్రిడ్జిల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఆ తూకం చీటీల రికార్డులకు సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. హ్యాష్ అంటే డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి చిన్న కోడ్, డేటాలో ఒక్క అక్షరం మారినా అదీ మారిపోతుంది. చీటీల హ్యాష్‌లను జంటలుగా కలిపి మళ్లీ మళ్లీ హ్యాష్ చేస్తూ పోతే వచ్చే చెట్టే మెర్కిల్ ట్రీ, చివరికి పైన మిగిలే ఒక్క హ్యాషే రూట్. మెర్కిల్ ట్రీ పెట్టామని చెప్పగానే ప్రతిచోటా ఒకటే మాట వింటాను: "హ్యాష్ ఉంది కదా, ఇక ఎవరూ మార్చలేరు."

అపోహ: రూట్ సరిపోతే డేటాను ఎవరూ ముట్టుకోనట్టే.

కాదు. ఆ రూట్ మీ చేతికి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఒకచోట పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి వెళ్లినప్పుడు, బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన చీటీ చేతిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కాగితం మీద 5240 కిలోలు, స్క్రీన్ మీద 4240. వెరిఫై బటన్ నొక్కితే మాత్రం పచ్చ టిక్కు. "ఏం నాయనా, మీ కంప్యూటర్ అంతా సరిగ్గానే ఉందంటోంది. నా చీటీ అబద్ధమా?" అని అడిగాడు. ఆయన గొంతు వణకడం నాకింకా గుర్తే.

తవ్వి చూస్తే సంగతి ఇది. రూట్‌ను కూడా చీటీలున్న డేటాబేస్‌లోనే పెట్టారు. ఎవరైనా ఎంట్రీ దిద్దితే సాఫ్ట్‌వేర్ చెట్టంతా మళ్లీ కట్టి, పాత రూట్ మీద కొత్తది రాసేస్తోంది. మార్చిన డేటాను మార్చిన రూట్‌తో పోలిస్తే సరిపోక ఏమవుతుంది? ఆయన కాగితం చీటీ దాచుకున్నాడు కాబట్టి, కార్బన్ కాపీతో పోల్చి లెక్క సరిచేశారు. దాచుకోని వాళ్ల సంగతి తలుచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు మేం చేసేది ఇలా. రాత్రి గేటు మూశాక ఆ రోజు చీటీలన్నిటికీ చెట్టు కట్టి, రూట్‌ను రైతుల వాట్సాప్ గ్రూపులో పెడతాం. అది వందల ఫోన్లలోకి వెళ్లాక వెనక్కి తెచ్చుకోవడం మా వల్ల కాదు. తర్వాత తప్పు దొరికితే పాత ఎంట్రీని ముట్టుకోం, మరుసటి రోజు లెక్కలో దిద్దుబాటుగా వేరే ఎంట్రీ రాస్తాం. హ్యాష్‌లు ఇలా కడతాం, ఇందులో leaf ఒక చీటీ హ్యాష్, node రెండు హ్యాష్‌లను కలిపి కట్టిన హ్యాష్, || అంటే ఒకదాని వెనక ఒకటి చేర్చడం:

```
leaf = SHA256(0x00 || record)
node = SHA256(0x01 || left || right)
```

ముందు పెట్టిన ఆ ఒక్క బైటు వల్ల లోపలి నోడ్‌ను ఎవరూ చీటీ అని చూపించలేరు.

ఎనిమిది చీటీలే ఉన్నాయనుకుందాం, పెద్దాయనది మూడోది. ఆయనకు పంపాల్సినవి మూడే హ్యాష్‌లు: నాలుగో చీటీది, 1-2 జంటది, 5 నుంచి 8 వరకు ఉన్న సగానిది. తన చీటీ హ్యాష్‌కు కుడిపక్కన మొదటిది, వచ్చిన దానికి ఎడమపక్కన రెండోది, మళ్లీ కుడిపక్కన మూడోది కలిపి ప్రతిసారీ హ్యాష్ చేసుకుంటూ పోతే రూట్ వస్తుంది. దాన్ని ఆ రాత్రి తన ఫోన్‌కు వచ్చిన రూట్‌తో పోల్చుకోవాలి. 5240ని 4240 చేస్తే మూడో చీటీ హ్యాష్ మారుతుంది, దానితో పైన జంట, ఆపైన సగం, చివరికి రూట్ అన్నీ మారిపోతాయి. వెయ్యి చీటీలున్నా పది హ్యాష్‌లు చాలు. ఒక్కోటి 32 బైట్లు, మొత్తం 320. పక్కవాళ్ల తూకాలు ఎవరికీ చూపించే పనిలేదు.

అపోహ: సరిపోలేదంటే మోసం జరిగినట్టే.

ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు ఫోన్ చేసినవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టను. కష్టపడి పండించిన కాయ మరి. కానీ నేను చూసినవాటిలో ఎక్కువసార్లు కారణం చిన్నదే: ఒకచోట `AP39`, ఇంకోచోట `AP 39`. ఒక్క ఖాళీ తేడా వచ్చినా హ్యాష్ పూర్తిగా వేరే అవుతుంది. `5240`, `5240.0` కూడా అంతే. అందుకే రికార్డు రాసే పద్ధతి ముందే ఒకటి ఖాయం చేసుకోవాలి. సరిపోనప్పుడు మొదట ఆ అక్షరాలు, తర్వాత కుడి ఎడమల వరస చూడండి. రెండూ సరిగ్గా ఉండి కూడా తేడా వస్తే అప్పుడు గట్టిగా అడగండి.

మిగతావి గబగబా. రూట్ ఉంటే డేటా తిరిగి రాదు, అది 32 బైట్లే, బ్యాకప్ వేరుగా ఉండాల్సిందే. బ్లాక్‌చెయిన్ కూడా అక్కర్లేదు: రాల్ఫ్ మెర్కిల్ దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1979లో, అప్పటికి బిట్‌కాయిన్ లేనేలేదు. ఇక హ్యాష్ చేస్తే తూకం దాగిపోతుందనుకోవద్దు. నాలుగంకెల సంఖ్యలన్నీ ప్రయత్నించి చూడటం కంప్యూటర్‌కు క్షణం పని, కాబట్టి ప్రతి చీటీకీ ఒక యాదృచ్ఛిక సంఖ్య కలపాలి.

వేబ్రిడ్జే తప్పు తూచితే? చెట్టు ఆ తప్పు తూకాన్నే చెక్కుచెదరకుండా కాపాడుతుంది. దానికి చూడాల్సింది రూట్ కాదు, కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర, దాని తేదీ.