విదేశీ పని వీసాకు ముందు యజమాని ఎన్‌ఓసీ: అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి పని వీసాకు వెళ్లేవాళ్ల కాగితాలు సరిచూడటం నా పని. చేతికి ఆఫర్ రాగానే అందరికీ పట్టుకునే టెన్షన్ ఒకటే: ఇప్పుడు చేస్తున్న చోట ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని యజమాని ఇచ్చే లేఖ, ఎలా అడగాలి?

అపోహ: ఎన్‌ఓసీ లేకపోతే దరఖాస్తే పెట్టకూడదు.

ప్రైవేటు ఉద్యోగికి అది వెళ్లే దేశాన్ని, పిలిచిన కంపెనీని బట్టి ఉంటుంది. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకు కీలకం అక్కడి కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్. కాబట్టి ముందు చెక్‌లిస్టు చూడండి, అందులో ఉంటేనే అడగండి. ప్రభుత్వోద్యోగి సంగతి వేరు, శాఖ అనుమతి ఉండాల్సిందే. పాస్‌పోర్టు కోసం తీసుకున్న ఎన్‌ఓసీ దానికి బదులు కాదు.

అపోహ: నెట్‌లో దొరికిన నమూనా మీద సంతకం చేయిస్తే చాలు.

ఎక్కువ ఫైళ్లు ఇక్కడే చిక్కుపడతాయి. ఆ నమూనాల్లో చాలావరకు టూరిస్టు వీసావి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ చూసే ఒకమ్మాయికి ఒమన్‌లో రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. ఆమె తెచ్చిన లేఖలో "సెలవు ముగిశాక తిరిగి విధుల్లో చేరతారు" అని ఉంది. పక్కనే రెండేళ్ల కాంట్రాక్టు! ఈ రెండూ ఒకే ఫైల్లో ఉంటే చూసేవాళ్లకు అనుమానం రాకుండా ఉంటుందా? పైగా లేఖలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మన జిల్లాల్లో ఈ తేడా చాలా మామూలు.

మళ్లీ రాయించాం. కంపెనీ లెటర్‌హెడ్, తేదీ, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, హోదా, చేరిన తేదీ. ఆ తర్వాత "ఒమన్ పని వీసాకు దరఖాస్తు చేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు" అన్న వాక్యం. కింద సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోన్ నంబరు, ముద్ర. మేనేజర్ గారు మొదట వెనకాడారు, సంతకం పెడితే మనిషిని వెంటనే వదిలేయాలేమోనని. "ఇది రాజీనామాకు ఆమోదం కాదు, నోటీసు గడువు యథాతథం" అన్న ఒక్క వాక్యం చేర్చగానే ఒప్పుకున్నారు. అందుకే మీ అభ్యర్థనలోనే ఆ మాట రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.

అపోహ: ఎన్‌ఓసీ వచ్చిందంటే రాజీనామా చేసేయొచ్చు.

వీసా చేతికి వచ్చేదాకా ఆగండి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం వేరే కాగితాలు, అవి చివరి రోజున తీసుకునేవి.

అపోహ: ఇవ్వనంటే లెటర్‌హెడ్ మనమే చేయించుకోవచ్చు.

వద్దు, దయచేసి వద్దు. ఫోన్ చేసి కనుక్కుంటారు. బ్రిటన్‌లో దరఖాస్తులో మోసం తేలితే పదేళ్ల నిషేధం పడొచ్చు. నిరాకరిస్తే మీ నియామక పత్రం, పే స్లిప్పులు, ముద్ర వేయించుకున్న అభ్యర్థన కాపీ కొత్త కంపెనీకి పంపి, వీటితో సరిపోతుందేమో రాతపూర్వకంగా అడగండి.