ఆటోలో ఏడ్చిన సీన్: పాత గొడవ మళ్లీ ఎందుకు లేచింది

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని తిరగడం మనకు కొత్త కాదు. దాని మీద అల్లిన దొంగతనం కథను కుర్రాళ్లు ఇప్పుడు షార్ట్ ఫిల్మ్‌గా తీస్తున్నారు. రాసిన మాస్టారు ఏడాది కిందట కొట్టేసిన సీన్‌ను డైరెక్టర్ మళ్లీ పెట్టాడు. గొడవంతా దాని గురించే.

కథ ఇది. ఒక కూలామెకు దొరికిన రాయిని వ్యాపారి చవగ్గా కొట్టేస్తాడు. గుంతకల్లు లాడ్జిలో అతని ట్రంకుపెట్టె తెరిచి, అసలు రాయి తీసి నకిలీది పెట్టాలని ఆమె కొడుకు, ఆటోడ్రైవర్, తన ముఠాతో పథకం వేస్తాడు. ఊరికే ఎత్తుకుపోతే వ్యాపారి తెల్లారేసరికి ఆమె గుడిసె ముందుంటాడు కాబట్టి రాయి పోయినట్టే తెలియకూడదు. ఆ రాత్రి అనుకున్నదేదీ జరగదు. తాళం విరుగుతుంది, అలికిడికి వ్యాపారి లేస్తాడు, నకిలీ రాయి పెట్టె పక్కనే జారిపోతుంది.

చివర్లో తేలేదేమంటే, ఆ జారిపోవడమే ప్లాన్. పెట్టెలో ఒకటి, నేల మీద ఒకటి. ఏది అసలుదో తేలక వ్యాపారి రెండూ పట్టుకుని, తను నమ్మే సానపట్టేవాడి దగ్గరికి పోతాడు. మార్పిడి జరిగేది అక్కడ, అతని చేతిలోనే.

మొదటి ప్రతిలో రాయి జారిన వెంటనే డ్రైవర్ ఆటోలో ఒంటరిగా కూర్చుని ‘అంతా అయిపాయె’ అని ఏడుస్తాడు. అనంతపురంలో నలుగురం కూర్చుని చదువుతుంటే, వెనక నుంచి ఒక పెద్దాయన అడిగాడు: “వానికి అంతా తెలుసు గదప్పా, మరి ఎవురి కోసం ఏడుస్తాండాడు?”

నా లెక్కలో ఈ కథ చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్నే. ముఠాలో వాళ్లు నటించొచ్చు, కానీ ఆ నటనకు కథలోపల ఒక ప్రేక్షకుడు ఉండాలి. ఎవరూ లేనిచోట నటిస్తే మోసపోయేది పాఠకుడొక్కడే. అతడు రెండోసారి చదివినప్పుడు ఆ పేజీ దగ్గర దొరికిపోతాం.

మాస్టారు నెల రోజులు ఆ సీన్‌తో కుస్తీ పట్టి, కథ చెప్పే గొంతునే మార్చేశారు. ఇప్పుడు చెప్పేది లాడ్జిలో పనిచేసే పిల్లాడు. ముఠా వాడికి ఏం చేయాలో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. కిటుకు పాతదే. 1891 నాటి ఒక షెర్లాక్ హోమ్స్ కథలో, కథ చెప్పే వాట్సన్ హోమ్స్ చెప్పినట్టే పొగబాంబు విసిరి ‘మంటలు’ అని అరుస్తాడు. ఆ కంగారులో ఇంటావిడ తను దాచిన ఫొటో వైపు పరిగెత్తుతుందన్న సంగతి అతనికి తర్వాతే తెలుస్తుంది. అందుకే అతను మన దగ్గర ఏదీ దాచినట్టు అనిపించదు.

మాస్టారు ఇంకో మెట్టు ఎక్కారు. పిల్లాడికి తెలియకపోవడం ముఠాకు అవసరం. పొద్దున్నే వ్యాపారి పట్టుకుని చెంప మీద కొట్టగానే, ‘రాయి మార్చడానికి వచ్చినారు సార్’ అని వాడు తనకు తెలిసినంత నిజమే కక్కుతాడు. వ్యాపారి అనుమానానికి ఆ నిజమే ఆజ్యం. వాడికి అంతా తెలిసుంటే అంత అమాయకంగా ఏడ్చేవాడు కాదు.

సానపట్టేవాడు మాత్రం చివర్లో ఊడిపడకూడదు. అందుకని అతను మొదటి భాగంలోనే కనిపిస్తాడు. వ్యాపారి చూపు మందం, ఇతనికి చూపించకుండా ఏ రాయీ కొనడు. కూలికి ధర తగ్గించడానికి ‘మచ్చ ఉంది’ అని అతని చేత అనిపిస్తాడు. చదివేటప్పుడు అది ఆమెకు జరిగిన అన్యాయంలాగే ఉంటుంది, సూచనలా ఉండదు. ఆ సీన్‌కు అక్కడే సొంత పని ఉంది కాబట్టి ఎవరూ వేలు పెట్టి చూపరు. అతను ముఠా వైపు ఎందుకు మారాడన్నది మాత్రం ఇప్పటికీ కొంచెం పలచగానే ఉంది. మాస్టారితో ఆ మాటంటే నవ్వి ఊరుకుంటారు.

ఇక డైరెక్టర్ వాదన. కెమెరాకు ‘నేను’ ఉండదు, పిల్లాడి గొంతు తెరమీద నిలవదు, ఏడుపు లేకపోతే ముఠా ఓడిందని చూసేవాడు నమ్మడు అంటాడు. చివరిది నిజమే. చెప్పిన పథకం చెడిందని మనసారా నమ్మకపోతే చెప్పని పథకానికి బలం రాదు. అలాంటప్పుడు పిల్లాణ్ణి ఆటో ఎక్కించమన్నారు మాస్టారు. వాడు వింటుంటే డ్రైవర్ ఎంత ఏడ్చినా తప్పులేదు, పైగా ఆ ఏడుపే పొద్దున వ్యాపారి చెవిదాకా పోతుంది.

డైరెక్టర్ సరేనన్నాడట. మొన్న మాకు చూపించిన కట్‌లో డ్రైవర్ రెండు నిమిషాలు ఏడ్చాడు. వెనక సీటు ఖాళీగా ఉంది.