మగ్గం వర్కా, కంప్యూటర్ వర్కా? వెనక్కి తిప్పి చూసేవాళ్లకు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా వర్కు జాకెట్ చేతికి రాగానే ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "వెనక్కి తిప్పి చూడక్కా. నీట్‌గా ఉంటే మిషన్, ముడులూ దారాలూ వేలాడుతుంటే చేతిపని." మా పనిలో దీనంత నష్టం చేసే అపోహ ఇంకోటి లేదు. శుభ్రంగా కుట్టిన మగ్గం పనివాళ్లకు డబ్బు ఇవ్వకుండా గొడవ పెట్టుకుంటారు. అదే కంప్యూటర్ వర్కు చేసి, వెనక దారాలు కత్తిరించకుండా వదిలేసిన జాకెట్‌కు మాత్రం నమ్మి మగ్గం రేటు ఇచ్చేస్తారు.

వెనక్కి తిప్పి చూడటం మంచిదే. చూడాల్సింది మాత్రం శుభ్రతను కాదు, అక్కడ ఎన్ని దారాలు పనిచేశాయో చూడాలి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌కు రెండు దారాలు కావాలి. పైనుంచి సూదిలో రంగు దారం వస్తుంది, కిందనుంచి బాబిన్ దారం దాన్ని పట్టుకుంటుంది. బాబిన్‌కు ఎక్కువగా సన్నటి తెల్ల దారమే వాడతారు. శాటిన్ కుట్టుతో నింపిన ఆకునో రెక్కనో వెనక నుంచి చూడండి. దారం టెన్షన్ సరిగ్గా ఉన్న మిషన్ పని అయితే రెక్క వెడల్పులో మధ్య మూడో వంతు తెల్లటి పట్టీలా కనిపిస్తుంది, దానికి అటూ ఇటూ పై రంగు అంచులు ఉంటాయి. ఈ తెల్ల పట్టీ చేతిపనిలో ఉండదు.

చేతి సూదితో వేసిన శాటిన్‌లో దారం ఒక అంచున పైకి వచ్చి, రెండో అంచున దిగి, గుడ్డ కిందుగా మళ్లీ మొదటి అంచుకు వస్తుంది. అందుకే వెనక కూడా అదే రంగు, దాదాపు అంతే నిండుగా ఉంటుంది. మగ్గం సూది పని కొంచెం వేరు. కొక్కెం ఉన్న ఆ సూది కింద పట్టుకున్న దారాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది. పైన గొలుసు పడుతుంది, వెనక ఒంటి దారం గీతలు మిగులుతాయి. కాబట్టి మగ్గం సూదితో నింపిన రెక్క వెనక పలచగా ఉంటుంది కానీ రంగు మారదు. దారం పొదుపు చేయడానికి కొందరు అంచుల దగ్గర చిన్న చిన్న కాట్లు మాత్రమే వేసి దారమంతా పైనే ఉంచుతారు. అదీ చేతిపనే. వెనక బోసిగా ఉందని మిషన్ అనేయకండి.

రెండు చోట్ల ఈ పరీక్ష తడబడుతుంది. కొందరు బాబిన్‌కు కూడా అదే రంగు వేస్తారు. అప్పుడు వెనక కుట్టును గుండుసూది మొనతో కాస్త ఎత్తి చూడండి. మిషన్ పనిలో మెరుపు లేని సన్న దారం ఒకటి, మెరిసే పై దారం ఒకటి వేర్వేరుగా లేస్తాయి. రెండోది చైన్ కుట్టు మిషన్. అది కూడా ఒంటి దారంతోనే నడుస్తుంది కాబట్టి దాని వెనక వైపు మగ్గం పనిలాగే ఉంటుంది. అక్కడ వంపుల దగ్గర చూడాలి. మగ్గం పనివాళ్లు మెలిక తిరిగేచోట కుట్టు పొట్టిగా వేసి, తిన్నగా పోయేచోట పొడుగ్గా వేస్తారు. మిషన్ గొలుసులో పొడవు ఒకేలా సాగుతుంది. ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకుండా, అదే జాకెట్‌లో జర్దోసి ఉంటే దాన్ని కూడా చూడండి.

జర్దోసి సంగతి ఇంకా తేలిక. మగ్గం వాళ్లు వాడేది సన్నటి లోహపు స్ప్రింగ్. దాన్ని కావలసిన పొడవుకు ముక్కలు కోసి, పూసలాగా సూదికి ఎక్కించి కుడతారు. దారం స్ప్రింగ్ లోపలి నుంచి పోతుంది, స్ప్రింగ్ మీదుగా అడ్డంగా పోదు. వెనక లోహం అసలు కనిపించదు, మామూలు దారమే ఉంటుంది. మిషన్ మీద జర్దోసి లాంటి తీగను పరిచి, సన్న దారంతో అటూ ఇటూ అడ్డకుట్లు వేసి బిగిస్తారు. భూతద్దంతో చూస్తే ఆ అడ్డకుట్లు దొరికిపోతాయి. జరీ దారంతో దగ్గరదగ్గరగా నింపేసి "జర్దోసి" అని చెప్పేదాన్ని గోటితో రాసి చూడండి. స్ప్రింగ్ అయితే చుట్లు గరగరా తగులుతాయి, దారం అయితే నున్నగా జారుతుంది.

ఒక జాకెట్ ఉదాహరణగా చూద్దాం. ధర్మవరం పట్టుచీర మీదికి కుట్టించిన ఎర్ర జాకెట్. చేతులకు గులాబీ రంగు పట్టు దారం పూలు, జర్దోసి ఆకులు, జరీ గీతలు. వీపంతా చిన్న బుట్టీలు. మొత్తానికి మగ్గం రేటే కట్టారు. ఇంటికి తెచ్చాక పక్కింటావిడ "ఇంత నీట్‌గా ఉంటే కంప్యూటరే, మోసపోయావు" అన్నది. జాకెట్ కుట్టించుకున్న తల్లికి రాత్రంతా నిద్ర లేదు, పెళ్లేమో దగ్గరపడింది. లైనింగ్ వేసేశారు కాబట్టి వెనక వైపు కనిపించదు. చంక దగ్గర, వీపు పక్క కుట్టు దగ్గర రెండేసి అంగుళాలు లైనింగ్ విప్పితే చాలు. చేతుల మీది పూల వెనక కూడా గులాబీ రంగే ఉంది, తెలుపు జాడ లేదు. జరీ గీతల వెనక ఒంటి వరస. ఆకుల వెనక లోహం లేదు. అది నికార్సైన మగ్గం పని, చాలా చక్కటి చేయి. వీపు బుట్టీల వెనక మాత్రం ప్రతిదాంట్లో తెల్ల పట్టీ, చుట్టూ చింపేసిన పేపర్ అంచులు. మిషన్ మీద గుడ్డ ముడుచుకోకుండా కింద పెట్టే పేపర్ అది. అంటే చేతులు మగ్గం, వీపు కంప్యూటర్. ఇలా కలిపి చేయడం తప్పేమీ కాదు, బుట్టీలకు చాలామంది అలాగే చేయిస్తారు. చెప్పకుండా చేసి, మొత్తానికి మగ్గం రేటు తీసుకోవడం తప్పు. ఆవిడ అడగాల్సింది బుట్టీల తేడా డబ్బులు, జాకెట్ మొత్తానివి కాదు.

ఇక మిగతా అపోహలు. "రెండు చేతుల డిజైన్ అచ్చు ఒకేలా ఉంది, మిషనే" అంటారు. మగ్గం మీద కూడా ట్రేసింగ్ పేపర్‌కు సూదితో రంధ్రాలు పొడిచి, ఒకే పేపర్‌తో రెండు చేతులకూ అచ్చు దించుతారు. గీత ఒకేలా ఉండి తీరాలి. ఒకే రెక్కను రెండు చేతుల మీదా తీసుకుని కుట్లు లెక్కపెట్టండి. చేతిపనిలో ఆ లెక్క ఎప్పుడూ కాస్త అటూ ఇటూ అవుతుంది.

"దారం కాల్చి చూస్తే తెలుస్తుంది" అనే పుకారు నమ్మి జాకెట్లు పాడుచేసుకోకండి. కాలిస్తే ముద్దకట్టేది పాలిస్టర్ జరీ అని మాత్రమే తెలుస్తుంది. మగ్గం మీద కూడా అదే జరీ వాడతారు. జరీ నల్లబడితే నకిలీ అనేదీ అంతే. అసలు జరీలో ఉండే వెండి, రాగి రెండూ గాలికి, చెమటకు నల్లబడతాయి.

లక్నో చేతికుట్టు చికన్‌కారీ దగ్గర, మన ఎండలకు అందరూ కొనే మీటరు గుడ్డ సంగతి ఒక్కటి చెప్పాలి. థాను పొడవునా ఒకే పువ్వు తిరిగి తిరిగి వచ్చే "చికన్ క్లాత్" మిషన్ పని. లక్నో చేతిపని అని అమ్మే కుర్తా అయితే రెండు చూడండి. పలచటి గుడ్డలో నీడలా కనిపించే ఆకు బఖియా కుట్టు. దాన్ని తిప్పి చూస్తే దారాలు అల్లిక జడలా ఒకదాన్నొకటి దాటుతూ పోవాలి, ముందువైపు రెండు సన్న గీతలే ఉండాలి. వలలా రంధ్రాలు కనిపించే జాలీ ఉన్నచోట భూతద్దం పెట్టండి. చేతి జాలీలో నేత పోగులు తెగవు, సూదితో పక్కకు జరిపి బిగిస్తారు. తెగిన పోగుల కొసలు, కోసిన రంధ్రం కనిపిస్తే అది చేతి జాలీ కాదు. గుడ్డ మీద అక్కడక్కడా నీలం మరక ఉంటే భయపడకండి. కుట్టడానికి ముందు చెక్క అచ్చుతో వేసిన నీలం అది, ఉతికితే పోతుంది.

ఆర్డర్ ఇచ్చేవాళ్లు ముందే ఒక మాట అనుకోండి: వర్కు అయ్యాక, లైనింగ్ వేయకముందు ఒకసారి చూపించాలని. బిల్లు మీద చేతులు, మెడ, వీపు విడివిడిగా రాయించి, ఏది మగ్గమో ఏది కంప్యూటరో పక్కనే రాయించుకోండి.